అందరి బోర్డు మీదా ఉన్న మాట మనకెందుకు: డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీకి పేరు ఎంచుకోవడం

గుంటూరు అరండల్‌పేటలో ఏజెన్సీ పెట్టబోతున్న ఇద్దరు కుర్రాళ్లు ఆ మధ్య విజయవాడ లబ్బీపేటలో ఉన్న మా ఆఫీసుకు వచ్చారు. ఒకతను కొత్తపేట ఆసుపత్రులకు గూగుల్ ప్రకటనలు, ఫేస్‌బుక్ పేజీలు చూసినవాడు. రెండో అతను మిర్చి ఎగుమతిదారుల వెబ్‌సైట్లు చూసినవాడు. పని తెలిసినవాళ్లే, చేతిలో నలుగురైదుగురు క్లయింట్లూ ఉన్నారు. లేనిదల్లా పేరు. ఒక కాగితం మీద పదకొండు పేర్లు రాసుకొచ్చి నా ముందు పెట్టారు.

"అక్కా, వీటిలో ఒకటి చెప్పండి. ఈ వారంలోనే బోర్డు రాయించేస్తాం" అన్నాడు పెద్దతను.

నేను పెన్ను తీసుకుని ఆ పేర్లలో డిజిటల్, డిజి, మీడియా, గ్రోత్, సొల్యూషన్స్, పిక్సెల్, క్లిక్, ర్యాంక్, టెక్ అన్న మాటలన్నీ కొట్టేశాను. పదకొండు పేర్లలో ఆరు పూర్తిగా మాయమయ్యాయి. వాటిలో కొట్టేయగా మిగిలిన మాటంటూ ఏదీ లేదు. పోలిక మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఈ వ్యాపారంలో దాదాపు ప్రతి పేరుకూ ఒక తల, ఒక తోక ఉంటాయి. తోక చేసే పని చెబుతుంది, తల చేసేది ఎవరో చెబుతుంది. తోకను కప్పేసి చూస్తే ఏమీ మిగలకపోతే అది పేరు కాదు, పని వివరణ మాత్రమే.

ఏ మాటలు అరిగిపోయాయో లెక్కపెట్టడం

ఏ మాట అరిగిపోయిందో మన ఊహ మీద తేల్చకూడదు. మీరు ఎవరితో పోటీ పడుతున్నారో ఆ బోర్డుల్ని చూసి తేల్చాలి. గూగుల్ మ్యాప్స్ తెరిచి `digital marketing agency vijayawada` అని ఒకసారి, గుంటూరు పేరుతో ఒకసారి వెతకండి. కనిపించిన మొదటి యాభై పేర్లు ఒక షీట్‌లో రాసుకోండి. ఒక్కో పేరును మాటలుగా విడగొట్టి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మూడు సార్లకు మించి వచ్చిన ప్రతి మాటా మీకు నిషిద్ధం. మీరున్న చోటును బట్టి మ్యాప్స్ ఫలితాలు మారతాయి కాబట్టి బెంజి సర్కిల్ దగ్గర ఒకసారి, ఆటోనగర్ వైపు ఇంకోసారి చూడడం మంచిది. అంతా కలిపి గంటన్నర పని.

ఈ లెక్కలో కొందరిని ఆశ్చర్యపరిచేది రెండో వరుస అరుగుదల. డిజిటల్, సొల్యూషన్స్ అరిగిపోయాయని ఇప్పుడు అందరికీ తెలుసు. అందుకే కొత్తగా వచ్చేవాళ్లు పండ్ల పేర్లు, జంతువుల పేర్లు, వాటి ముందో రంగు పెట్టుకుంటున్నారు. మొదట పెట్టినవాడికి అది వేరుగా ఉండేది. పదోవాడికి అదీ ఒక మూసే. తెలుగులోనూ ఇదే జరుగుతుంది. ప్రచారం అనగానే మనందరికీ మొదట తట్టే మాటలు దండోరా, చాటింపు, టముకు. మనకు మొదటి అయిదు నిమిషాల్లో తట్టిన మాట పక్కవాడికీ అయిదు నిమిషాల్లోనే తడుతుంది. కుర్రాళ్ల కాగితంలోనూ దండోరా ఉంది. మంచి మాటే, కానీ ప్రచార వ్యాపారంలో అది కూడా పని వివరణే, తెలుగులో చెప్పారంతే.

"కానీ పేరులో ఆ మాట ఉంటే గూగుల్‌లో పైకి వస్తాం కదా?"

చిన్నతను అడిగిన ప్రశ్న ఇది. అర్థం లేని ప్రశ్న కాదు. మ్యాప్స్‌లో వ్యాపారం పేరులో వెతికే మాట ఉంటే స్థానిక ఫలితాల్లో కొంత మేలు జరగడం ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చూసిందే. అయితే దానికి మూడు హద్దులున్నాయి.

మొదటిది, వెబ్‌సైట్ పేరు సంగతి. వెతికే మాటనే డొమైన్‌గా కొనేస్తే చాలు పైకి తేలే రోజులు 2012 సెప్టెంబరుతో పోయాయి. సరుకు లేని అలాంటి డొమైన్లను కిందికి తోసే మార్పును గూగుల్ అప్పుడే తెచ్చింది. రెండోది, మ్యాప్స్‌లోని బిజినెస్ ప్రొఫైల్‌కు గూగుల్ పెట్టుకున్న నిబంధన. బోర్డు మీద, బిల్లు మీద ఏ పేరు ఉందో అదే ప్రొఫైల్‌లో ఉండాలి. పేరు పక్కన "బెస్ట్ డిజిటల్ మార్కెటింగ్ ఇన్ విజయవాడ" అని తగిలిస్తే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, గూగుల్ ఆ పేరును కత్తిరించవచ్చు, ప్రొఫైల్‌నే ఆపేయవచ్చు. ఆగిపోయిన ప్రొఫైల్ తిరిగి తెచ్చుకోవడానికి వారాలు తిరిగినవాళ్లు నాకు తెలుసు. మీరేం చేస్తారో చెప్పడానికి ప్రొఫైల్‌లో కేటగిరీ అన్న గడి విడిగా ఉంది. ఆ పని దానికి అప్పగించండి.

మూడో హద్దు అన్నిటికంటే పెద్దది. యాభై మంది పేర్లలోనూ అదే మాట ఉంటే ఆ మేలు యాభై మందికీ సమానంగా పంచుకుపోతుంది. పైగా మనలాంటి ఊళ్లలో ఏజెన్సీకి పని ఎక్కువగా వచ్చేది నోటి మాటతోనే. ఒక డాక్టరుగారు ఇంకో డాక్టరుగారికి "ఫలానావాళ్లు బాగా చేస్తున్నారండీ" అని చెబుతారు. ఆయన ఇంటికెళ్లి ఆ పేరు వెతుకుతారు. మీ పేరు గ్రోత్ డిజిటల్ లాంటిదైతే మీ కంటే ముందు అదే మాటల మీద ప్రకటనలు కొన్న మరో నలుగురు కనిపిస్తారు. మీ క్లయింటు మంచి మాట చెబితే దాని ఫలం వేరేవాళ్లకు పోతుంది.

చట్టం కూడా తోకను కప్పే చూస్తుంది

ట్రేడ్‌మార్కుల చట్టం 1999లో రెండు సెక్షన్లు పేరు పెట్టేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. సెక్షన్ 9 ప్రకారం ఒక సేవ రకాన్ని, నాణ్యతను, ఉద్దేశాన్ని, అది పుట్టిన ప్రాంతాన్ని మాత్రమే చెప్పే మాటలకు రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చు. ఏళ్ల తరబడి వాడి జనంలో ప్రత్యేక గుర్తింపు తెచ్చుకున్నామని రుజువు చేస్తే వేరు సంగతి. కొత్త ఏజెన్సీకి ఆ రుజువు ఎక్కడి నుంచి వస్తుంది?

సెక్షన్ 17 ఇంకా ముఖ్యం. చాలామంది లోగోతో సహా మొత్తం పేరును రిజిస్టర్ చేయించుకుని, ఇక డిజిటల్ గ్రోత్ అన్న మాట తమ సొంతమనుకుంటారు. ఈ సెక్షన్ అలా కుదరదంటుంది. మొత్తంగా ఆ గుర్తు మీద హక్కు వస్తుంది, కానీ అందులో వ్యాపారంలో అందరూ వాడే భాగం మీద విడిగా హక్కు రాదు. అంటే నేను పెన్నుతో చేసిన పనినే రేపు మీకు ఎవరితోనైనా గొడవ వచ్చినప్పుడు చట్టం చేస్తుంది. తోక పోగా మిగిలిన తల ఎంత బలంగా ఉంటే మీ హక్కు అంత.

రిజిస్ట్రేషన్ ఫీజు మాట కూడా చెబుతాను. ట్రేడ్‌మార్కుల కోసం సరుకులను, సేవలను తరగతులుగా విడగొట్టారు. ప్రకటన, మార్కెటింగ్ సేవలు 35వ తరగతిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు, స్టార్టప్‌లకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. వెబ్‌సైట్లు, సాఫ్ట్‌వేర్ కూడా తయారు చేసి ఇస్తారనుకుంటే 42వ తరగతికి మళ్లీ అంత. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తుంది, అయినా అక్కడికి వెళ్లాల్సిన పని లేదు. రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు.

ఇప్పుడు నాలుగు దారులు

అరిగిపోయిన మాటలు తీసేశాక ముందుండేవి నాలుగు రకాల పేర్లు. ఊరి పేరు, ఇంటిపేరు, కల్పించిన మాట, మనకు ముందే తెలిసిన మామూలు తెలుగు మాట. అన్నీ ఒకే బరువైనవి కావు. మొదటి మూడింటి గురించి త్వరగా చెప్పి నాలుగో దాని దగ్గర ఆగుతాను, ఎందుకంటే నా సలహా అదే.

ఊరి పేరు పెట్టుకోవడంలో ఒక ఆత్మీయత ఉంది. బెజవాడ అన్న మాట వింటేనే మనకు వన్‌టౌన్ గుర్తొస్తుంది. కానీ కృష్ణా, అమరావతి, బెజవాడ అన్న మాటలు మన దగ్గర టిఫిన్ సెంటర్ నుంచి రియల్ ఎస్టేట్ దాకా అందరి బోర్డుల మీదా ఉన్నాయి. సెక్షన్ 9 ప్రాంతాన్ని చెప్పే మాటలకు అడ్డం పడుతుంది. అమరావతికి ఇంకో చిక్కు ఉంది. మహారాష్ట్రలో `Amravati` ఉంది, మనవాళ్లలోనే కొందరు `Amaravati` అని, కొందరు `Amaravathi` అని టైపు చేస్తారు. మీ క్లయింట్లు ఎప్పటికీ విజయవాడ, గుంటూరు దుకాణాలే అనుకుంటే ఊరి పేరు సరిపోతుంది. కొచ్చిలో ఉన్న మసాలా కంపెనీకో, హైదరాబాద్ ఆసుపత్రికో పని చేయాలనుకుంటే అది మిమ్మల్ని ఊరికే కట్టేస్తుంది. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే మిర్చి గురించి కూడా చెప్పాలి. ఆ పేరుతో దేశమంతా తెలిసిన ఎఫ్ఎం రేడియో ఉంది, అది బతికేదే ప్రకటనల మీద. అదే రంగంలో అదే మాట జోలికి పోకండి.

ఇంటిపేరు బాధ్యతను చూపిస్తుంది. ఆడిటర్లు, లాయర్లు వాడుకుంటారు, వాళ్లకు బాగా నప్పుతుంది. ఏజెన్సీకి రెండు ఇబ్బందులు. చట్టంలో సెక్షన్ 35 ఎవరైనా తన సొంత పేరును నిజాయితీగా వాడుకోవడాన్ని కాపాడుతుంది, కాబట్టి అదే ఇంటిపేరున్న మరొకరు రేపు ఇదే పని మొదలుపెడితే ఆపడం కష్టం. రెండోది మనందరికీ తెలిసిన సంగతి. మన రెండు జిల్లాల్లో ఇంటిపేరు వినగానే కులం లెక్కేసేవాళ్లు ఉన్నారు. రాజకీయ ప్రచారం, విద్యాసంస్థలు, ఆసుపత్రుల పని చేసే ఏజెన్సీకి క్లయింటు మనసులో ఆ లెక్క పడకముందే పని మాట్లాడుకునే అవకాశం ఉండాలి. ఇద్దరు భాగస్వాములుంటే ఎవరి ఇంటిపేరు అన్న ప్రశ్న ఒకటి, అతను వెళ్లిపోతే ఏమిటన్నది ఇంకొకటి.

కల్పించిన మాట, అంటే ఏ భాషలోనూ అర్థం లేనిది, ట్రేడ్‌మార్క్ పరంగా అన్నిటికంటే బలమైనది. డొమైన్ కూడా తేలిగ్గా దొరుకుతుంది. కానీ అది ఖాళీ గిన్నె. అందులో అర్థం పోయడానికి పదే పదే వినిపించాలి, వినిపించడానికి డబ్బు కావాలి. ఇద్దరు మనుషుల ఏజెన్సీ తన ప్రకటనల మీద లక్షలు పెట్టదు. పైగా ఇంగ్లీషు మాటల ముక్కలు అతికించి చివర ఫై, లీ, ఎక్స్ తగిలించే పద్ధతిలో కల్పిస్తే అన్నీ ఒకేలా వినిపిస్తాయి. అదీ మరో మూస అయిపోయింది.

తెలుగు మాట: ఎంపిక ఎలా సాగింది

మామూలు తెలుగు మాటను దానికి సంబంధం లేని వ్యాపారానికి పెట్టడంలో రెండు లాభాలున్నాయి. మాట జనానికి ముందే తెలుసు కాబట్టి గుర్తుపెట్టుకోవడానికి ఖర్చు లేదు. వ్యాపారాన్ని వివరించదు కాబట్టి చట్టంలో బలం ఉంది. నష్టం ఒక్కటే, అది చిన్నదేమీ కాదు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. మన భాషలో ఉన్న దీర్ఘాలు, ఒత్తులు, ద్విత్వాలు అక్కడ తడబడతాయి.

వారధి తీసుకోండి. కనకదుర్గ వారధి మీదుగా తిరిగేవాళ్లకు ఇంతకన్నా సహజమైన మాట లేదు. చిన్నతనికి ఇదే నచ్చింది. మొదటి అక్షరం `va` అనీ రాయవచ్చు, `vaa` అనీ రాయవచ్చు. ధి దగ్గర `dhi`, `di`, `thi` మూడూ కనిపిస్తాయి. అంటే ఆరు రకాలు. `Vaaradhi` డొమైన్ మీరు కొంటే `varadhi` అని కొట్టినవాళ్లు ఇంకెవరి గుమ్మం ముందో నిలబడతారు. పైగా రెండు వైపులనూ కలుపుతాం అనే అర్థంలో ఈ మాట సంస్థల పేర్లలో ఇప్పటికే బాగా నలిగింది.

అందుకని మేం ముందు మాట వెతకడం మానేసి అక్షరాలు వెతికాం. దీర్ఘం వద్దు. త, థ, ద, ధ వద్దు, ఎందుకంటే వాటికి మనవాళ్లు `t`, `th`, `d`, `dh` నాలుగూ కలగలిపి వాడతారు. శ, ష, స గందరగోళం వద్దు. ళ, ణ ఉన్నవి వద్దు. ద్విత్వం వద్దు. రెండు మూడు అక్షరాలకు మించకూడదు. ఈ జల్లెడలో నూటికి తొంభై మాటలు పడిపోతాయి. మిగిలినవాటితోనే పని.

ఈ జల్లెడ అన్నీ పట్టుకోదు. పెద్దతను కల్లం అన్నాడు. మిర్చి ఆరబోసే చోటు, గుంటూరు మనిషికి గుండెకు తగిలే మాట. ద్విత్వం ఉన్నా చూద్దామన్నాను. `Kallam` అని రాస్తే మన ప్రాంతంలో అది ఇంటిపేరు, ఆ కుటుంబంవాళ్ల సంస్థ అనుకుంటారు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి బయటపడింది. కొచ్చి కంపెనీలతో పని చేయాలన్నది వాళ్ల ఆశ. మలయాళంలో కళ్ళం అంటే అబద్ధం. ప్రకటనల ఏజెన్సీకి అంతకంటే చెడ్డ పేరు ఉండదు. మీ క్లయింట్లు ఏ భాషలవాళ్లో ఆ భాషల మనిషి ఒకరిని అడగకుండా పేరు ఖాయం చేయకండి.

గడప అన్న మాట వచ్చింది. కాగితం మీద చక్కగా ఉంది. ఫోన్‌లో చెప్పి చూశాం, అవతలివాళ్లు కడప అని విన్నారు. దీర్ఘం ఉన్నా రేవు అన్నాం, కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లం కదా. ఫోన్‌లో అది రివ్యూ అని వినిపించింది, `revu` అని కొడితే ఫోన్ తనంతట తానే వేరే మాటగా దిద్దేసింది. అరుగు దగ్గర చాలాసేపు ఆగాం. ఇంటి ముందు పదిమంది కూర్చుని మాట్లాడుకునే చోటు, `arugu` అని ఒకే రకంగా రాస్తారు. కానీ అరగడం, అరిగిపోవడం కూడా అదే మాటలో వినిపిస్తుంది. "మా బడ్జెట్ అరిగిపోతుందా?" అని ఒక్క క్లయింటు సరదాగా అన్నా ఆ మాట ఊరంతా తిరుగుతుంది. వదిలేశాం.

చివరికి నిలిచింది గిలక. బావి మీద చేద తోడే గిలక. `g-i-l-a-k-a`, ఆరు అక్షరాలు, దీర్ఘం లేదు, ఒత్తు లేదు. వివరించదు, కానీ అడిగినవాళ్లకు చెప్పడానికి ఒక మాట ఉంటుంది. నీళ్లు మీ బావిలోవే, పైకి తేవడం తేలిక చేసేది మేము. ఆసుపత్రివాళ్లకు చెప్పినా, మిర్చి వ్యాపారికి చెప్పినా వెంటనే అర్థమైంది. గూగుల్ పోయి ఇంకో వేదిక వచ్చినా, రీల్స్ పోయి మరొకటి వచ్చినా ఆ అర్థం చెడదు. పిక్సెల్, క్లిక్ లాంటి మాటలకు లేని బలం ఇదే. అవి ఒక పనిముట్టు పేర్లు, పనిముట్టు మారితే పేరు పాతబడుతుంది.

ఫోన్ పరీక్ష ఎలా చేశామో చెబుతాను, ఎవరైనా చేసుకోవచ్చు. పేరు గురించి ఏమీ తెలియని పదిమందికి ఫోన్ చేసి, "గిలక అని ఒక కంపెనీ, వెబ్‌సైట్ కొట్టి చూడండి" అని ఒక్కసారే చెప్పి, ఏం టైపు చేశారో వాట్సాప్‌లో పంపమన్నాం. బజారులో నడుస్తున్నవాళ్లు, బండి పక్కన ఆపి మాట్లాడినవాళ్లు కూడా ఉండేలా చూసుకున్నాం, ఎందుకంటే పేర్లు చేతులు మారేది అలాంటి చోట్లే. తొమ్మిది మంది `gilaka` అని పంపారు, ఒకరు `gilakka`. పదిలో ఎనిమిదికి తగ్గితే ఆ మాట వదిలేయాలన్నది నా లెక్క. వారధికి అదే పరీక్ష పెడితే నలుగురు మాత్రమే ఒకేలా రాశారు.

ఇక్కడ న్యూమరాలజీ గురించి ఒక మాట. మన ఇళ్లలో ఎవరో ఒకరు సంఖ్య కుదరలేదని చివర ఇంకో `a` కలపమంటారు. పెద్దతని నాన్నగారూ అన్నారు. ఆయన నమ్మకాన్ని కాదనకుండా, సంస్థ రిజిస్టర్ చేసే పూర్తి పేరులో తోకను మార్చి సంఖ్య కుదుర్చుకున్నారు. జనం టైపు చేసే ఆరు అక్షరాలను మాత్రం ముట్టుకోలేదు. ఇంట్లో ఇలాంటి పట్టుదల ఉంటే ఈ దారి పనికొస్తుంది.

సరిచూసుకునే వరుస

మనసుకు నచ్చిన పేరు దొరకగానే చాలామంది డొమైన్ కొనేస్తారు. నేను ముందు ట్రేడ్‌మార్క్ వెతకమంటాను. ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ శాఖ ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. అక్కడ వర్డ్‌మార్క్ వెతుకులాటతో ఆగకండి. ఫొనెటిక్ అన్న ఎంపిక ఉంది, వినడానికి దగ్గరగా ఉన్నవాటిని కూడా చూపిస్తుంది. తరగతి 35 పెట్టి ఒకసారి, 42 పెట్టి ఒకసారి చూడాలి. `gilaka`, `gilaca`, `gillaka` మూడూ విడివిడిగా వెతికాం. అక్షరాలు వేరైనా విన్నప్పుడు జనం పొరబడేలా ఉంటే అభ్యంతరం వస్తుంది కాబట్టి చెవికి ఎలా వినిపిస్తుందన్నదే ముఖ్యం.

తర్వాత కంపెనీల పేర్లు. ఇక్కడ ఒక పెద్ద అపోహ ఉంది. సొంత వ్యాపారంగా మొదలుపెడితే చిన్న సంస్థలు నమోదయ్యే ఉద్యమ్‌లోనూ, జీఎస్టీలోనూ వ్యాపారం పేరు ఏది రాసినా తీసుకుంటారు. ఆ పేరు ఇంకెవరికైనా ఉందా అని ఆ రెండూ ఆపవు. సర్టిఫికెట్ వచ్చింది కదా, పేరు నాదే అనుకోవడం పొరపాటు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ నమోదుకు ఆన్‌లైన్‌లో నింపే స్పైస్ ప్లస్ ఫారం పార్ట్ ఏలో 1,000 రూపాయలు కట్టి రెండు పేర్ల వరకు అడగవచ్చు, ఒప్పుకుంటే 20 రోజులు ఆ పేరు మీకోసం ఉంచుతారు. దాంతో కూడా ట్రేడ్‌మార్క్ హక్కు రాదు. కంపెనీ పేరు ఒప్పుకున్నాక ట్రేడ్‌మార్క్ నోటీసు వచ్చి బోర్డు దించిన ఏజెన్సీని నేను దగ్గరగా చూశాను. బోర్డు, బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు, రెండేళ్ల రివ్యూలు అన్నీ పోయాయి.

డొమైన్ ఆ తర్వాతే. `.com` దొరక్కపోతే అక్కడ ఎవరున్నారో చూడండి. వేరే దేశంలో వేరే వ్యాపారమైతే `.in` తీసుకుని సాగవచ్చు. మీ పనే చేసేవాళ్లయితే పేరే వదిలేయండి. ఇన్‌స్టాగ్రామ్ పేరులో అండర్‌స్కోర్ వద్దు, ఫోన్‌లో దాన్ని చెప్పడం ఎంత కష్టమో ఒకసారి చెప్పి చూస్తే తెలుస్తుంది. కావాలంటే చివర ఊరి పేరు కలపండి. తోకగా ఊరి పేరు బాగానే పనిచేస్తుంది, తలగానే పనికిరాదు.

అరిగిపోయిన మాటలను పూర్తిగా పారేయమని నేను అనడం లేదు. వాటి చోటు పేరు కింది వరుస. బోర్డు మీద పెద్దగా గిలక, కింద చిన్న అక్షరాల్లో "ఆసుపత్రులకు, ఎగుమతిదారులకు ఆన్‌లైన్ ప్రచారం" అని రాయించారు. ఆ కింది వరుస రేపు మార్చుకోవచ్చు. కోచింగ్ సెంటర్ల పని వస్తే ఆ మాట చేర్చుకోవచ్చు. పైన ఉన్నది మారదు.

ఇప్పటికే అరిగిన పేరుతో నడుస్తున్నవాళ్లు

వీళ్లలో మార్చాల్సినవాళ్లూ ఉన్నారు, మార్చనక్కర్లేనివాళ్లూ ఉన్నారు. క్లయింట్లు మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారో వినండి. "బ్రాడీపేట నాలుగో లైన్‌లో ఉన్న అబ్బాయిలు" అనో, మీ సొంత పేరుతోనో చెబుతుంటే మీ ఏజెన్సీ పేరు ఎవరి నాలుక మీదా లేదన్నమాట. పోగొట్టుకునేది ఏమీ లేదు కాబట్టి ఇప్పుడే మార్చండి. గ్రోత్ అనో క్లిక్ అనో ఉన్నా జనం ఆ పేరుతోనే మిమ్మల్ని పిలుస్తుంటే, ఏళ్ల వాడకంతో అది మీదైపోయింది. ఆ బిల్లులు, ప్రకటనలు, ఈమెయిళ్లు దాచి ఉంచండి. సెక్షన్ 9 అభ్యంతరం వస్తే వాడకానికి రుజువు అవే.

మార్చేటప్పుడు కొత్త బిజినెస్ ప్రొఫైల్ తెరవకండి. పాతదాంట్లోనే పేరు సవరించండి, అప్పుడు రివ్యూలు మీతోనే ఉంటాయి. గూగుల్ రుజువు అడగవచ్చు కాబట్టి ముందు బోర్డు మార్చి ఫోటో తీసుకున్నాకే ఆ సవరణ పెట్టండి. పాత డొమైన్ వదిలేయకుండా ప్రతి పేజీనీ కొత్త చిరునామాకు శాశ్వతంగా మళ్లించండి. కనీసం రెండు మూడేళ్లు డబ్బు కట్టి ఉంచండి, లేకపోతే మీ పాత పేరును పోటీదారు కొనుక్కుంటాడు.

గిలకకు దరఖాస్తు 35వ తరగతిలో పెట్టారు. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలల్లో ఎవరూ వ్యతిరేకించకపోతేనే రిజిస్ట్రేషన్ ముందుకు సాగుతుంది. అప్పటిదాకా బోర్డు మీద పేరు పక్కన ™ మాత్రమే పెట్టమని చెప్పాను. రిజిస్ట్రేషన్ రాకుండా ® పెట్టడం సెక్షన్ 107 కింద జరిమానా పడే తప్పు. పెయింటర్ అలవాటుగా ® గీసేశాడు, అరండల్‌పేట వెళ్లి చూసి అదే రోజు చెరిపించాం.